చీటీకి జవాబు రాయండి, కమిషన్ మాకు వద్దు: మా పట్టణ చర్మవైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చర్మవైద్యులకు, వారి సంఘం బాధ్యులకు, తోటి పార్లర్, సెలూన్ యజమానులకు,

నమస్కారం. గోదావరి ఒడ్డున ఉన్న మన పట్టణంలో నేను చాలా ఏళ్లుగా మహిళల బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. మా వీధికి నడిచి వెళ్లేంత దూరంలోనే నాలుగైదు చర్మ క్లినిక్‌లు ఉన్నాయి. మా కుర్చీలో కూర్చున్న మనిషికి వైద్యుడు చూడాల్సిన లక్షణం ఏదైనా కనిపిస్తే మీ దగ్గరికి పంపడానికి ఒక పద్ధతి పెట్టుకుందామని, మేము కొందరం యజమానులం కలిసి మీకు ఉత్తరం రాశాం. చీటీ నమూనా జతచేశాం. మీ సంఘానికి కూడా ఒక ప్రతి ఇచ్చాం. జవాబు రాలేదు. వచ్చిందల్లా ఒక క్లినిక్ నుంచి మార్కెటింగ్ కుర్రాడు. లేజర్ ప్యాకేజీకి మనిషిని పంపితే బిల్లులో మాకు ఎంత శాతం ముడుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించి, కార్డుల కట్ట బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఉత్తరానికి రాని జవాబు ఆ కార్డుల్లో ఉందనుకోవాలా? అలా అనుకోవడం ఇష్టం లేకనే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

మేము అడిగేది చిన్న విషయం. జబ్బు పేరు చెప్పని చీటీ ఒకటి మా నుంచి, మేము ఏం చేయవచ్చో ఏం చేయకూడదో చెప్పే చీటీ ఒకటి మీ నుంచి. మధ్యలో డబ్బు లేదు. ఈ రెండు కాగితాలు లేకపోవడం వల్ల ఎవరు నష్టపోతున్నారో ముందు చెబుతాను.

మనిషి ఒంటిమీద తనకు కనిపించని చోట్లను మేము చూస్తాం. మెడ వెనక, చెవుల వెనక, నడినెత్తి, వీపు, అరికాలు. సెలూన్లలో పనిచేసే తమ్ముళ్లకైతే పేనుకొరుకుడు మనిషి కంటే ముందు కనిపిస్తుంది. తల వెనక రూపాయి బిళ్లంత చోట జుట్టు లేకుండా నున్నగా ఉంటుంది, ఆ మనిషికి ఆ సంగతే తెలియదు. ఏదో పురుగు కొరికిందనుకుని వెల్లుల్లి రుద్దే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది పురుగు పని కాదు, పేను పనీ కాదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే జుట్టు కుదుళ్ల మీదికి తిరగడం వల్ల వచ్చేది. వెల్లుల్లి రుద్దితే తల కాలి పుండు పడుతుంది. ఒకప్పుడు ఊళ్లలో నాయీబ్రాహ్మణులు క్షౌరంతో పాటు గడ్డలు కోసి కట్లు కట్టేవారు, వారి ఇళ్ల ఆడవాళ్లు పురుళ్లు పోసేవారు. కాబట్టి మా వృత్తికి ఒంటిని చూసే కన్ను కొత్తగా రాలేదు. కానీ చూడటం వేరు, వైద్యం చేయడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉండాలన్నదే ఈ లేఖ.

ఆ గీత చెరిగిపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఇలాంటి ముఖాలు మా పార్లర్లన్నిటికీ వస్తాయి. ఈ అమ్మాయి ఎవరో తెలియకుండా ఉండేందుకు వివరాలు కొన్ని మార్చాను.

పెళ్లి కుదిరిన అమ్మాయి. బుగ్గల మీద మంగు మచ్చలు ఉన్నాయని బంధువు ఒకావిడ ఒక క్రీము పేరు చెప్పింది. మందుల దుకాణంలో చీటీ అడగకుండానే ఇచ్చారు. అందులో మూడు మందులు ఉంటాయి: రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పై పొరను రాల్చే ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. వైద్యుడు చూసి కొద్ది వారాల పాటు రాయిస్తే మంగుకు అది మందే. ఈ అమ్మాయి దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా రోజూ రాత్రి ఏడాదికి పైగా రాసింది. మొదటి నెలలో ముఖం నిగనిగలాడింది. చుట్టాలంతా ఏం వాడుతున్నావని అడిగారు. స్టెరాయిడ్ చేసే మాయ ఇదే. వాపును, ఎరుపును అణచి చర్మాన్ని తేటగా చూపిస్తుంది. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది. మా దగ్గరికి వచ్చేసరికి పెద్ద దీపం కింద బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు దారాల్లా కనిపిస్తున్నాయి. చెంపల మీద నూగు పెరిగింది. గడ్డం దగ్గర ఒకే తీరు చిన్న చిన్న మొటిమలు. చన్నీళ్లు చల్లినా మంట అంది. క్రీము ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రబడి మండుతోందట, అందుకని మళ్లీ రాస్తోందట. ఆపలేకపోవడమే ఈ జబ్బుకు పెద్ద గుర్తు.

ఆ అమ్మాయి మా దగ్గరికి రాకముందు మరో పార్లర్‌లో రెండుసార్లు బ్లీచ్, ఒక గోల్డ్ ఫేషియల్ చేయించుకుంది. బ్లీచ్‌లో ఉండే అమోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ మామూలు చర్మానికే చురుక్కుమంటాయి. పలచబడిన చర్మం మీద అవి నిప్పే. ఎర్రబడిన ముఖాన్ని చూసి అక్కడి అమ్మాయి ‘లోపలి విషం బయటికి వస్తోంది, మరో నాలుగు సిట్టింగులు చేస్తే సర్దుకుంటుంది’ అందట. ఈ మాట మన పార్లర్లలో ఎంత సులువుగా అంటున్నారో తోటి యజమానులకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫేషియల్‌తో బయటికి వచ్చే విషం ఏదీ చర్మంలో లేదు. ఆ మాటతో బయటికి వచ్చేది కస్టమర్ పర్సులోని డబ్బు మాత్రమే.

మేము ఆ రోజు ఏమీ చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నాం. వెళ్లింది. అక్కడ ఏం జరిగిందన్నది మీ వైపు కథ. వెంటనే మంటను తగ్గించి, స్టెరాయిడ్‌ను మాన్పించే పని మొదలుపెట్టాల్సింది పోయి, ముందు కౌన్సెలర్ అనే ఆవిడ కూర్చోబెట్టి పీలింగ్, లేజర్ కలిపిన ప్యాకేజీ రాసి ఇచ్చింది. పెళ్లి తేదీ దగ్గర పడిందని తల్లి అప్పు చేసి అడ్వాన్సు కట్టింది. మేము ఏం చూశామో, ఏం చేయలేదో అక్కడ ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి ట్యూబు వెంట తీసుకుపోలేదు, పేరు గుర్తులేదంది. చివరికి ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో ఒక వైద్యురాలు ట్యూబు తెప్పించి చూసి, అది మాన్పించి, మామూలు మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను, నోటి మాత్రలతో నెలల తరబడి చూశారు. ముఖం చాలావరకు కుదుటపడింది. నరాలు కొన్ని అలాగే మిగిలాయి. పెళ్లి ఫొటోల్లో మేకప్ కింద అవి కనిపించలేదు. మేకప్ మా పని కాబట్టి ఆ మాత్రం మేము చేయగలిగాం.

2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పైపూత మందులను వైద్యుడి చీటీ మీదే అమ్మాలని స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా దుకాణాల్లో అడిగిన వారికల్లా దొరుకుతున్నాయి. మందుల దుకాణాన్ని అదుపు చేయడం మన చేతుల్లో లేదు. ఆ ట్యూబు వాడిన ముఖం మా కుర్చీకీ మీ బల్లకూ వచ్చినప్పుడు ఒకరికొకరు నాలుగు మాటలు రాసుకోవడం మన చేతుల్లో ఉంది.

ఇక మా కోరికలు. కొన్ని మీకు, కొన్ని మా వాళ్లకు.

1. డబ్బు మాట ఎత్తవద్దు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల్లో 6.4 ఏం చెబుతోందో మీకు నాకంటే బాగా తెలుసు: రోగిని పంపినందుకు కమిషన్, బహుమతి, బోనస్ ఏదీ వైద్యుడు ఇవ్వకూడదు, తీసుకోకూడదు, అడగకూడదు. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చి, అదే నెలలో నిలిచిపోయి, మళ్లీ ఈ 2002 నిబంధనలే అమల్లోకి వచ్చాయి కాబట్టి ‘ఇప్పుడు ఏ రూలు ఉందో’ అనే సందేహానికి తావు లేదు. మార్కెటింగ్ కుర్రాడు ఇచ్చినా, క్లినిక్ పేరుతో ఇచ్చినా, దీపావళికి వెండి గిన్నెగా ఇచ్చినా అది కమిషనే.

మాకు వచ్చే ఆ శాతం ఎవరి జేబులోంచి వస్తుంది? ప్యాకేజీ ధరలోంచి. అంటే ఆ అమ్మాయి తల్లి చేసిన అప్పులోంచి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పంపితే డబ్బు వస్తుందని తెలిశాక మా కంటికి ప్రతి మచ్చా పంపాల్సిన మచ్చగానే కనిపిస్తుంది. మామూలు ఎండ నలుపుతో వచ్చినవారిని కూడా భయపెట్టి పంపుతాం. ప్యాకేజీ లేని జబ్బును, అంటే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందు దొరికే జబ్బును, పంపడం మానేస్తాం. ఇందుకు మా వైపు నుంచి మాట ఇస్తున్నాం: ఈ ఒప్పందంలో చేరిన పార్లర్ ఏదీ ఏ క్లినిక్ నుంచీ రూపాయి తీసుకోదు. మీ రోగులను మా దగ్గరికి పంపినందుకు మేము కూడా ఏమీ ఇవ్వం; ఉచిత ఫేషియల్ కూపన్లు మీ రిసెప్షన్‌లో పెట్టమని అడగం.

2. ఒక్క పేరు కాదు, కొన్ని పేర్లు. మేము కస్టమర్‌కు ఇచ్చే కాగితంలో కనీసం ముగ్గురు వైద్యుల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి, వాటితో పాటు ప్రభుత్వాసుపత్రి ఓపీ రోజులు ఉంటాయి. ఎవరి దగ్గరికి వెళ్లాలో వారి ఇష్టం. ఇప్పటికే వారికి తెలిసిన వైద్యుడు ఉంటే అక్కడికే వెళ్లమంటాం. ఆ పట్టీలో చేరేందుకు మేము అడిగే అర్హత ఒక్కటే: చర్మవ్యాధుల్లో ఎండీ, డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ ఉండి, రాష్ట్ర వైద్య మండలిలో నమోదై ఉండటం. నమోదు సంఖ్య మీరే ఇవ్వండి, సరిచూసుకుంటాం. ‘కాస్మెటాలజిస్ట్’ అని తెల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరూ చర్మవైద్యులు కారన్న సంగతి జనానికి తెలియదు. చెప్పే బాధ్యత మీది కూడా.

3. మా చీటీని చదవండి. చీటీలో జబ్బు పేరు ఉండదు. బొల్లి, తామర, సొరియాసిస్, కుష్ఠు అనే మాటలు మా వాళ్లు రాయకూడదు, నోటితో అనకూడదు. కనిపించింది మాత్రమే రాస్తారు: ఎక్కడ, ఎంత, ఏ రంగు, ఆ మనిషి ఏమంటున్నారు, ఇంట్లో ఏం రాస్తున్నారు, మేము చివరిసారి ఏం చేశాం. పైన చెప్పిన అమ్మాయికి మేము రాయాల్సిన చీటీ ఇలా ఉంటుంది:

‘రెండు బుగ్గల మీద ఎరుపు, సన్నటి ఎర్రటి నరాలు. గడ్డం మీద చిన్న మొటిమలు. చన్నీళ్లకు కూడా మంట అంటున్నారు. ఏడాదికి పైగా మందుల దుకాణంలో కొన్న క్రీము రోజూ రాస్తున్నారు, ఆపితే ఎక్కువవుతోందంటున్నారు. ట్యూబు వెంట తీసుకెళ్లమని చెప్పాం. వేరే చోట బ్లీచ్ రెండుసార్లు చేయించుకున్నారు. ఈ రోజు మేము ఏమీ చేయలేదు.’

ఇంతే. చదవడానికి అర నిమిషం పట్టదు. ట్యూబు తీసుకెళ్లమన్న ఆ ఒక్క వాక్యం ఉంటే ఆ కుటుంబానికి అప్పు తప్పేది. చీటీని ఆ మనిషే చేతిలో పట్టుకుని వెళతారు. వాట్సాప్‌లో ముఖం ఫొటో మేము మీకు పంపం, మీరు అడగవద్దు. ఒకరి ముఖం మీది మచ్చ ఇద్దరు వ్యాపారుల ఫోన్లలో తిరగాల్సిన వస్తువు కాదు.

జబ్బు పేరు ఎందుకు రాయకూడదని మా వాళ్లే కొందరు అడిగారు. వీపు మీద పాలిపోయిన మచ్చను తీసుకోండి. అది శోభి కావచ్చు, బొల్లి మొదలు కావచ్చు, గిల్లినా తెలియని మచ్చ అయితే కుష్ఠు కావచ్చు. శోభి కొద్ది రోజుల మందుతో పోతుంది, రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. కుష్ఠుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా మందులు ఇస్తారు, మచ్చలు కొద్దిగా ఉంటే ఆరు నెలలు, ఎక్కువ ఉంటే ఏడాది. ముందుగా మొదలుపెడితే చేతులు, కాళ్లు వంకర్లు పోవు. కానీ మా పార్లర్‌లో పక్క కుర్చీ వాళ్లు వినేలా ఆ పేరు ఒక్కసారి పలికితే, జబ్బు ఉన్నా లేకపోయినా ఆ మనిషి మళ్లీ వీధిలో తల ఎత్తుకోలేదు, ఆసుపత్రికీ వెళ్లదు. పరీక్ష పేరుతో మా వాళ్లు సూదితో గుచ్చి చూడటం కూడా నిషిద్ధం. ‘ఇక్కడ ఒక మచ్చ ఉందమ్మా, మీకు కనిపించదు కాబట్టి చెబుతున్నాను, ఒకసారి డాక్టరుకు చూపించండి’ అని చెవిలో చెబితే చాలు.

4. మీరు తిరుగు చీటీ రాయండి. అన్నిటికన్నా మాకు ముఖ్యమైనది ఇదే, మీరు ఇంతవరకు అసలు పట్టించుకోనిది కూడా ఇదే. మీకు వచ్చిన రోగి ఏ జబ్బుతో బాధపడుతున్నారో మాకు చెప్పనక్కర్లేదు. అది వారి రహస్యం. ఎన్ని వారాల పాటు ఏ పని చేయకూడదో మాత్రం చెప్పండి. ‘మూడు నెలలు బ్లీచ్, ఫేషియల్, ముఖానికి వ్యాక్సింగ్ వద్దు. జుట్టు కత్తిరింపు చేయవచ్చు’ అని రెండు ముక్కలు రాస్తే దాన్ని మేము తు.చ. తప్పకుండా పాటిస్తాం.

ఇది రాయకపోతే ఏమవుతుందో చూడండి. మొండి మొటిమలకు మీరు ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలు వాడుతున్నంత కాలం, మానేశాక కూడా కొన్ని నెలల పాటు, చర్మం పలచగా, సులువుగా చిరిగేలా ఉంటుంది. మానేశాక ఆరు నెలలు వ్యాక్సింగ్ వద్దనడం వాడుక. ఆ సంగతి మీ రోగికి గుర్తుండదు. పై పెదవికి వ్యాక్సింగ్ చేయమని మా దగ్గర కూర్చుంటుంది. మైనం పట్టీ లాగితే వెంట్రుకతో పాటు చర్మం పొర ఊడి వస్తుంది. నీళ్లూరే ఎర్రటి పుండు, ఆ తర్వాత నెలల తరబడి నల్ల మచ్చ. తిట్లు మాకు, మచ్చ ఆ పిల్లకు. రాత్రిపూట రాసుకునే రెటినాయిడ్ క్రీములతోనూ ఇదే ప్రమాదం. ‘మొటిమలకు మాత్రలు గానీ, పూత మందు గానీ వాడుతున్నారా’ అని మేము ప్రతి వ్యాక్సింగ్‌కు ముందు అడుగుతాం. మీరు ఆ మందు రాసేటప్పుడు ‘పార్లర్‌లో ఏం చేయించుకుంటారు’ అని ఒక్క మాట అడగండి.

5. మా బోర్డుల మీద మీ పేరు వద్దు, మీ గోడల మీద మా పేరు వద్దు. ‘చర్మవైద్యుల పర్యవేక్షణలో’ అని రాసుకోవాలని ఆశపడే పార్లర్లు చాలా ఉన్నాయి. వారానికి ఒకరోజు వచ్చి కూర్చుంటానని ముందుకొచ్చే వైద్యులూ ఉన్నారు. వైద్యుడు రోజూ లేని చోట ఆ బోర్డు అబద్ధం. వ్యాపార వస్తువులకు వైద్యుడు తన పేరుతో సిఫారసు ఇవ్వకూడదని అదే 2002 నిబంధనలు చెబుతున్నాయి. రెఫరల్ సంబంధం ఉండటం అంటే మా ఫేషియల్‌కు మీ ఆమోదముద్ర ఉన్నట్టు కాదు.

6. ఈ అంశం తోటి యజమానులకు. మన మాటలకు హద్దు పెట్టుకోవాలి. చట్టం దృష్టిలో మనం వాడేవి సౌందర్య సాధనాలు: శుభ్రం చేయడానికి, అందంగా కనిపించేలా చేయడానికి పైన రాసేవి. జబ్బును నయం చేస్తుందని చెప్పిన మరుక్షణం ఆ సీసా మందు అయిపోతుంది, దానికి వేరే చట్టం, వేరే లైసెన్సు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం బొల్లితో సహా ఒక జాబితాలోని జబ్బులకు మందు ఉందని ప్రచారం చేయడాన్నే నేరం అంటుంది. బొల్లికి గ్యారంటీ అని గోడ మీద పెయింటు వేయించే వారికి ఆ సంగతి తెలియదో, తెలిసీ ధైర్యమో మరి.

కాబట్టి ‘మొటిమలు మాయం’, ‘మంగుకు శాశ్వత పరిష్కారం’, ‘జుట్టు మళ్లీ మొలిపిస్తాం’, ‘సైడ్ ఎఫెక్టులు లేవు’, ‘అలర్జీ రాదు’ అన్న బోర్డులు దించేద్దాం. ‘ముఖం శుభ్రం చేస్తాం’, ‘మచ్చలు కనిపించకుండా మేకప్ వేస్తాం’, ‘జుట్టు ఒత్తుగా కనిపించేలా కత్తిరిస్తాం’ అని రాద్దాం. ఇవి నిజాలు, మనం చేయగలిగినవి. వ్యాపారం పడిపోతుందన్న భయం నాకు తెలుసు. మా పార్లర్‌లో ‘మెడ నలుపు’ ప్యాకేజీ ఆపినప్పుడు నెలవారీ లెక్కలో ఆ లోటు కనిపించింది కూడా. కానీ మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా తగిలే ఆ నలుపు చాలామందిలో మట్టీ కాదు, ఎండా కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం ఇచ్చే కబురు. దాన్ని బ్లీచ్‌తో రుద్దినంత కాలం ఆ మనిషి షుగర్ పరీక్ష చేయించుకోదు. ఇలాంటి వారిని చర్మవైద్యుడి దగ్గరికే పంపాలని కూడా లేదు, మామూలు ఫిజీషియన్ చాలు. డాక్టర్లూ, మెడ లేజర్ ప్యాకేజీ రాసే ముందు మీరు కూడా షుగర్ పరీక్ష రాయండి.

మన గీత ఇంకొకటి: సూది. చర్మం లోపలికి వెళ్లేది ఏదైనా, అంటే తెల్లబడేందుకు ఎక్కించే సెలైన్లు, బొటాక్స్, రక్తం తీసి తలలోకి గుచ్చడం, ఇవేవీ పార్లర్ పనులు కావు. నమోదు లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య మండలి చట్టంలోని 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పులిపిర్లను దారం కట్టి, యాసిడ్ చుక్క వేసి రాల్చే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అదీ మానాలి. ముఖ్యంగా అరికాలి మీద, గోరు కింద నల్లగా పెరుగుతున్న మచ్చ ఉంటే పెడిక్యూర్‌లో దాన్ని గీకవద్దు. మన దేశంలో చర్మపు క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమా అరికాళ్ల మీద, గోళ్ల కింద కూడా వస్తుంది. ఒకే గోటిలో కొత్తగా వచ్చిన నల్ల గీత వెడల్పవుతూ, గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి నలుపు పాకుతుంటే ఆ రోజే చీటీ రాయాలి.

7. జుట్టు రంగు విషయంలో ఇద్దరం ఒకే మాట చెబుదాం. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. బ్లాక్ హెన్నా పేరుతో అమ్మే పొడుల్లోనూ అది కలుస్తుంది కాబట్టి హెన్నాయే కదా అనే భరోసా పనికిరాదు. ఏళ్ల తరబడి పడిన రంగే ఒకరోజు పడకపోవచ్చు. చెవి వెనక కొద్దిగా రాసి 48 గంటలు చూడాలన్నది సీసా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఏ పార్లర్‌లోనూ జరగదు. ‘ముహూర్తం ఎల్లుండి ఉంటే పరీక్ష ఏమిటి’ అని కస్టమర్లే కోప్పడతారు. మేము పట్టుబడతాం. ఆ పరీక్షలో ఎరుపు, దురద వచ్చినవారిని మీ దగ్గరికి పంపినప్పుడు ‘ఈ రంగు మళ్లీ వాడవద్దు’ అని చీటీ మీద రాసి ఇవ్వండి. అది వారు ఏ ఊరి పార్లర్‌కు వెళ్లినా చూపిస్తారు. రంగు వేశాక కనురెప్పలు మూసుకుపోయేలా వాచి, ఊపిరి ఆడటం కష్టమైతే మాత్రం మా వాళ్లు మీ అపాయింట్‌మెంట్ కోసం చూడరు, 108కి ఫోన్ చేస్తారు.

8. పంపినవారిని చూసే సమయం చెప్పండి. మా దగ్గరికి వచ్చేవారిలో దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడపిల్లలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎక్కువ. సెలవు దొరకడం కష్టం. టోకెన్ కోసం ఒక పూట, ఫీజు ఒక రోజు కూలి, ఆపై ప్యాకేజీ భయం. ఈ మూడూ కలిసే వారిని మళ్లీ మందుల దుకాణం వైపు నడిపిస్తున్నాయి. ఫీజు తగ్గించమని అడగడం లేదు, అది మీ ఇష్టం. వారంలో ఒక సాయంత్రం చీటీతో వచ్చినవారికి కేటాయించండి. మొదటి రోజే ప్యాకేజీ మాట ఎత్తవద్దని మీ కౌన్సెలర్లకు చెప్పండి.

మా వైపు నుంచి పని మొదలైంది. చీటీ పుస్తకం అచ్చు వేయించాం. ప్రతి చీటీకి ఒక నకలు మా దగ్గర తాళంలో ఉంటుంది, పేరు బదులు వరుస సంఖ్యతో. ఎవరినైనా అనవసరంగా పంపి భయపెడుతున్నామని మీకు అనిపిస్తే ఆ సంఖ్య చెప్పి మమ్మల్ని నిలదీయండి. మా అమ్మాయిలకు ఏది చూస్తే పంపాలో, ఏది చూసి ఊరుకోవాలో రెండు గంటలు కూర్చుని చెప్పే వైద్యుడు ఒకరు కావాలి. పార్లర్ మూసే సోమవారం మీకు వీలైతే మాకూ వీలే. టీ మేము ఇస్తాం, అంతకు మించి ఏమీ ఇవ్వం.

ఈ నెలాఖరులోగా మీలో ముగ్గురైనా లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే ఆ పేర్లు మా పట్టీలో చేరతాయి. ఎవరూ ఒప్పుకోకపోతే పట్టీలో ప్రభుత్వాసుపత్రి ఓపీ ఒక్కటే ఉంటుంది, ప్రతి చీటీ అక్కడికే వెళుతుంది. కమిషన్ కాగితం, కార్డుల కట్ట ఇంకా మా దగ్గరే ఉన్నాయి. పంపిన క్లినిక్ వారు వచ్చి తీసుకెళ్లవచ్చు. లేదంటే ఫిర్యాదుతో పాటు రాష్ట్ర వైద్య మండలికి పంపుతాం.

ఇట్లు,
పార్లర్, సెలూన్ యజమానులు కొందరి తరఫున
ఒక బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు